ఆర్డర్లు రెట్టింపైనా గల్లా ఖాళీ

ప్రశ్న: మాది తెనాలి. నాన్నగారి బట్టల కొట్టుకు తోడుగా నేను ఆన్‌లైన్‌లో కుర్తీలు అమ్ముతున్నాను. ధర 5% జీఎస్టీతో కలిపి రూ.840. దాని మీద 20% తగ్గించాక నెలకు 100 ఉండే ఆర్డర్లు 200 అయ్యాయి. అయినా సరుకు కొనాలంటే కొట్టు గల్లాలోంచే తీయాల్సి వస్తోంది. కొన్న ధర జీఎస్టీ కాక రూ.450. పార్సిల్‌కు కొరియర్ రూ.80, వెనక్కొస్తే మళ్లీ రూ.80, ప్యాకింగ్ రూ.20. నెలకు 10 వెనక్కొచ్చేవి, ఇప్పుడు 50 వస్తున్నాయి. లోపం ఎక్కడుంది?

జవాబు: ధర తగ్గింది 20 శాతమే కానీ, ముక్క మీద మీ మిగులు దాదాపు సగం పోయింది. జీఎస్టీ తీసేస్తే పాత ధర 800, అందులో మీకు మిగిలేది 350. ఇప్పుడు 640లో మిగిలేది 190.

ఇక ఖర్చును పంపిన పార్సిళ్ల మీద కాకుండా, కొన్నవారి చేతికి చేరి అక్కడే ఉండిపోయిన ముక్కల మీద పంచి చూడండి. అప్పట్లో కొరియర్, ప్యాకింగ్, వాపసు కలిపి 10,800. చేరినవి 90 కాబట్టి ముక్కకు 120. ఇప్పుడు అదే ఖర్చు 24,000, చేరినవి 150, అంటే ముక్కకు 160. పాత మిగులు ముక్కకు 230 చొప్పున 20,700. కొత్తది 30 చొప్పున 4,500. వెనక్కొచ్చిన 50లో పది మరకపడో, ట్యాగ్ ఊడో అమ్ముడుపోకపోతే ఆ 4,500 కూడా సున్నా. ప్రకటనల ఖర్చు ఇంకా లెక్కలోకే రాలేదు. డ్యాష్‌బోర్డు మాత్రం వెనక్కొచ్చిన ఆర్డర్లను కూడా కలిపి 1,34,400 అని మురిపిస్తుంది!

ముందు ఆ యాభైని రెండు కుప్పలు చేయండి. తలుపు దాకా వెళ్లి తీసుకోకుండా వచ్చినవి ఒకటి, తొడిగి చూసి పంపినవి ఒకటి. మొదటి రకం ఎక్కువగా క్యాష్ ఆన్ డెలివరీలోనే ఉంటాయి. పంపేముందు ఫోన్ చేసి ఖాయం చేసుకోండి, రూ.100 ముందుగా యూపీఐలో తీసుకోండి. ఆర్డర్లు కొన్ని తగ్గుతాయి, తగ్గనివ్వండి. రెండో రకానికి కారణం తరచుగా సైజే. ‘ఎం’, ‘ఎల్’ అని వదిలేయకుండా ఛాతీ, పొడవు అంగుళాల్లో రాయండి. వాపసులకు క్రెడిట్ నోట్ రాస్తున్నారో లేదో మీ అకౌంటెంట్‌ను అడగండి. రాయకపోతే అమ్మని ముక్కకు కూడా జీఎస్టీ కడుతున్నట్టే.

ఒక్క ముక్క మీద తగ్గింపు ఆపేసి, రెండు కొంటేనే 10% ఇవ్వండి. రెండూ ఒకే పార్సిల్‌లో, అదే కొరియర్ తూకం శ్లాబులో పడితే మిగులు 540. నాలుగింట ఒకటి వెనక్కొచ్చినా కొరియర్, ప్యాకింగ్, వాపసు ఖర్చు 160 పోగా చేరిన పార్సిల్‌కు 380 ఉంటుంది. ముందు తూకం వేసి చూసుకోండి, శ్లాబు దాటితే చార్జీ పెరిగి ఈ లెక్క మారుతుంది.

ఆన్‌లైన్ డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా పెట్టండి. కొట్టు నుంచి వెళ్లే ప్రతి రూపాయినీ అప్పుగా రాయండి. క్యాష్ ఆన్ డెలివరీ సొమ్ము కొరియర్ వారి నుంచి రావడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి కొంత అప్పు సహజమే. ఆ సొమ్మంతా జమయ్యాక, అమ్మడానికి పనికొచ్చే మిగిలిన సరుకు కొన్న ధరను తీసేసినా అప్పు తీరకపోతే, ఆ నెల ఆఫర్ నష్టానికి నడిచినట్టు.