బ్రూస్టర్ కోణం: 90° ఎక్కడి నుంచి వచ్చింది?

"tan θ = n బట్టీ పట్టాను. కానీ ఆ కోణంలో పరావర్తన కాంతి పూర్తిగా ఎందుకు ధ్రువితమవుతుంది? పరావర్తన, వక్రీభవన కిరణాల మధ్య 90° అని ఎలా రాస్తారు?"

మీరు పతన కిరణాన్ని చూస్తూ ఆగిపోయినట్టున్నారు. చూడాల్సింది గాజు లోపలి కిరణాన్ని.

1. గాజులోని ఎలక్ట్రాన్లను ఊపేది వక్రీభవన కిరణపు విద్యుత్ క్షేత్రం. కాబట్టి అవి ఆ కిరణానికి లంబంగానే ఊగుతాయి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. పరావర్తన కాంతి ఈ ఎలక్ట్రాన్ల నుంచే వస్తుంది.

2. ఊగే ఎలక్ట్రాన్ తాను ఊగే దిశలో కాంతిని ఏమాత్రం పంపదు.

3. పరావర్తన, వక్రీభవన కిరణాల మధ్య 90° ఉంటే, పతన తలంలో ఊగే ఎలక్ట్రాన్లు సరిగ్గా పరావర్తన దిశలోనే ఊగుతాయి. ఆ భాగం సున్నా అవుతుంది. తలానికి లంబంగా ఊగే భాగం ఒక్కటే మిగులుతుంది. అదే పూర్తి ధ్రువణం.

ఇక ఉత్పాదన. పతన కోణం θ, పరావర్తన కోణమూ అంతే; వక్రీభవన కోణం r. లంబానికి ఒకవైపే ఉన్న కోణాలు కలిపితే:

θ + 90° + r = 180°, అంటే r = 90° − θ

స్నెల్ నియమంలో పెడితే:

n₁ sin θ = n₂ sin(90° − θ) = n₂ cos θ

tan θ = n₂/n₁

గాలి నుంచి గాజుకు (n = 1.5) θ = 56.3°, r = 33.7°. కూడి చూడండి, 90° వస్తుంది.

పరీక్షలో జాగ్రత్త: తలానికి లంబంగా ఊగే భాగంలోనూ 15% దాకా మాత్రమే పరావర్తనమవుతుంది. మిగతాది గాజులోకి పోతుంది కాబట్టి వక్రీభవన కిరణం పాక్షికంగానే ధ్రువితం. 50° దగ్గరైతే తలంలోని భాగం కూడా 0.3% వరకు పరావర్తనమవుతుంది, పూర్తి ధ్రువణం ఉండదు.