మారథాన్ వేగం: సెకనుకు 5.83 మీటర్లకీ 2.60 మీటర్లకీ మధ్య

ప్రశ్న: మారథాన్‌లో ఎలైట్ రన్నర్ల వేగం గంటకు ఎన్ని కిలోమీటర్లు? నాలుగున్నర గంటల్లో పూర్తి చేసే మామూలు రన్నర్‌తో పోలిస్తే సెకనుకు ఎన్ని మీటర్ల తేడా వస్తుంది?

ఎలైట్ వైపు నుంచి 2023 అక్టోబరులో చికాగోలో కెల్విన్ కిప్టమ్ ప్రపంచ రికార్డు నెలకొల్పిన పరుగును తీసుకుందాం. 42.195 కిలోమీటర్లకు ఆయనకు పట్టింది 2 గంటల 35 సెకన్లు, అంటే 7,235 సెకన్లు. 42,195 మీటర్లను 7,235తో భాగిస్తే సెకనుకు 5.83 మీటర్లు. దాన్ని 3.6తో గుణిస్తే గంటకు దాదాపు 21 కిలోమీటర్లు. నాలుగున్నర గంటలంటే 16,200 సెకన్లు కాబట్టి మామూలు రన్నర్‌ది సెకనుకు 2.60 మీటర్లు, గంటకు 9.38 కిలోమీటర్లు. తేడా సెకనుకు 3.23 మీటర్లు. కిప్టమ్ ముగింపు గీత దాటే సరికి, ఒకే వేగంతో వచ్చే ఆ రన్నర్ ఇంకా 18.8 కిలోమీటర్ల దగ్గరే ఉంటారు.

నా మాట వింటే, ఈ పోలికకు సెకనుకు మీటర్లే సరైన కొలత. గంటకు 21 అంటే సైకిల్ తొక్కే వేగమే కదా అనిపించి మనసు తేలిగ్గా తీసుకుంటుంది. అదే వేగాన్ని ట్రాక్ మీద పెట్టి చూడండి. ప్రతి 100 మీటర్లూ 17.15 సెకన్లలో అయిపోవాలి. వ్యాయామం అలవాటున్నవాళ్లలో చాలామందికి ఒక్క 100 మీటర్లు అలా పరుగెత్తాలంటేనే ఉన్న బలమంతా కావాలి. కిప్టమ్ అలాంటివి ఆగకుండా దాదాపు 422 పరుగెత్తారు. నాలుగున్నర గంటల రన్నర్ అదే 100 మీటర్లకు 38.4 సెకన్లు తీసుకుంటారు.

ఆ తేడా అడుగు పొడవులో కనిపిస్తుంది. ఇద్దరూ నిమిషానికి 180 అడుగులు, అంటే సెకనుకు మూడు, వేస్తున్నారనుకోండి. అప్పుడు ఒకరి అడుగు 1.94 మీటర్లు, రెండోవారిది 87 సెంటీమీటర్లు. మామూలు రన్నర్ అడుగులు సెకనుకు 2.75కి తగ్గినా ఒక్కొక్కటి 95 సెంటీమీటర్లే అవుతుంది. అందుకే అడుగుల సంఖ్య పెంచితే చాలు, వేగం దానంతటదే వస్తుందన్న సలహా నాకు నచ్చదు. రెండు పాదాలూ గాలిలో ఉండే ఆ క్షణంలో ఎంత దూరం ముందుకు వెళ్తారన్నదే అసలు తేడా.

సగటు కూడా సగం విషయాన్ని దాచేస్తుంది. చికాగోలో కిప్టమ్ మొదటి సగం 60 నిమిషాల 48 సెకన్లలో, రెండో సగం 59 నిమిషాల 47 సెకన్లలో పూర్తి చేశారు. సెకనుకు 5.78 మీటర్ల నుంచి 5.88కి పెరిగారన్నమాట. నాలుగున్నర గంటల బృందంలో ఎక్కువగా జరిగేది దీనికి ఉల్టా. మొదటి సగం 2 గంటల్లో, రెండోది రెండున్నర గంటల్లో అయిందనుకుందాం. సెకనుకు 2.93 మీటర్ల నుంచి 2.34కి పడిపోతారు. మొదటి సగంలో ఎలైట్ వేగం వీరికి రెట్టింపు కన్నా కాస్త తక్కువే, రెండో సగంలో రెండున్నర రెట్లు. మొత్తం మీద 2.24 రెట్లు అని చెప్పి ఊరుకుంటే, దూరం పెరిగే కొద్దీ అంతరం ఎలా పెరిగిందో తెలియదు.

ఇక్కడే లెక్క కూడా తప్పుతుంది. రెండు సగాల వేగాలు గంటకు 10.55, 8.44 కిలోమీటర్లు. వాటిని కూడి రెండుతో భాగిస్తే 9.49 వస్తుంది, అది తప్పు. నెమ్మదిగా పరుగెత్తిన సగానికి ఎక్కువ సమయం పట్టింది కాబట్టి మొత్తం దూరాన్ని మొత్తం సమయంతోనే భాగించాలి, 9.38 వస్తుంది. ఇంకా ఎక్కువగా కనిపించే పొరపాటు 4:30ని క్యాలిక్యులేటర్‌లో 4.30 అని కొట్టడం. అప్పుడు 9.81 వచ్చి, లేని వేగం ఉన్నట్టు చూపిస్తుంది. 30 నిమిషాలంటే అరగంట, 4.5 అని కొట్టాలి. కిలోమీటరుకు 6:24 అన్న పేస్‌కీ ఇదే వర్తిస్తుంది. 60ని 6.24తో కాదు, 6.4తో భాగించాలి. ముందుగా అన్నీ సెకన్లలోకి మార్చుకుంటే ఈ గొడవే ఉండదు.

వాచీ చూపించే వేగాన్ని మాత్రం ఈ పోలికలో పెట్టకండి. మారథాన్ మార్గాన్ని మలుపుల్లో లోపలి అంచు వెంట, వీలైనంత పొట్టి దారిలో కొలుస్తారు. గుంపులో పక్కలకు తప్పుకుంటూ పరుగెత్తేవారు నిజంగానే ఎక్కువ దూరం వెళ్తారు, దానికి జీపీఎస్ పొరపాటు తోడవుతుంది. వాచీలో 42.7 కిలోమీటర్లు కనిపిస్తే అదే నాలుగున్నర గంటలకు గంటకు 9.49 అని చూపిస్తుంది. కిప్టమ్ వేగాన్ని 42.195తో లెక్కించినప్పుడు రెండోవారిదీ అదే దూరంతో లెక్కించాలి. రికార్డులకు సమయం తుపాకీ పేలినప్పటి నుంచి లెక్క. వెనక వరుసల్లో నిలబడ్డ రన్నర్‌కైతే ప్రారంభ గీత దాటినప్పుడు మొదలయ్యే చిప్ సమయమే తీసుకోండి. గీత చేరడానికే పది నిమిషాలు పట్టి, దాన్ని కూడా కలిపేస్తే వేగం గంటకు 9.04 అని తేలుతుంది. అది నిలబడ్డ సమయం, పరుగు కాదు.