ఒకటి రెండుగా కనిపిస్తోందంటే ఆదివారం దాకా ఆగకండి

“నాన్నగారికి 62 ఏళ్లు, షుగర్ ఉంది. పొద్దున్నుంచి ఒక్కసారిగా అన్నీ రెండుగా కనిపిస్తున్నాయట. ఆదివారం కూకట్‌పల్లిలో కళ్లజోడు షాపుకి తీసుకెళ్లనా?”

వద్దండీ, ఇప్పుడే ఆసుపత్రికి బయలుదేరండి. అద్దాల పవర్ రాత్రికి రాత్రి ఇలా మారదు.

బయలుదేరేలోపు ఒక్కో కన్నూ అరచేత్తో మూసి చూడమనండి. ఏ కన్ను మూసినా బొమ్మ ఒకటే అయితే, రెండు కళ్లూ కలిసి కదలడం లేదన్నమాట. షుగర్ వల్ల కంటిని కదిలించే నరం దెబ్బతిని ఉండవచ్చు, పక్షవాతం మొదలవుతూ ఉండవచ్చు. అది స్కాన్‌లో తేలాలి, షాపులో తేలదు.

మా పెద్దమ్మకు ఇలాగే వస్తే షాపులో కొత్త అద్దాలు రాసిచ్చారు. సాయంత్రానికి కుడి రెప్ప వాలిపోయింది. రెప్ప ఎత్తి చూస్తే ఆ కంటి నల్లపాప రెండోదానికన్నా పెద్దగా ఉంది. మెదడులో రక్తనాళం ఉబ్బి నరాన్ని నొక్కుతోందని స్కాన్‌లో తెలిసింది. అది పగిలితే ప్రాణానికే ముప్పు.

న్యూరాలజీ ఉన్న ఎమర్జెన్సీకే వెళ్లండి, నిమ్స్ అయినా గాంధీ అయినా. మాట తడబడినా, మూతి వంకరపోయినా 108కి ఫోన్ చేయండి. బండి ఆయన్ని నడపనివ్వకండి. రక్తస్రావమో కాదో తెలియదు కాబట్టి ఆస్పిరిన్ సొంతంగా వేయొద్దు. ఎన్ని గంటలకు మొదలైందో రాసుకెళ్లండి, డాక్టర్ మొదట అడిగేది అదే.

నొప్పి లేకుండా ఒక కంటికి హఠాత్తుగా మసక కమ్మినా ఇంతే తొందర. రెటీనాకు రక్తం ఆగితే చూపు కాపాడుకునే వ్యవధి కొన్ని గంటలే.