టేబుల్ మారిస్తే పని మారినట్టేనా?

ప్రశ్న: సార్, మాది భీమవరం దగ్గర పల్లెటూరండి. బీబీఏ ఫైనలియర్ చదువుతున్నాను. రొయ్యల ప్లాంటులో ప్రాజెక్టు చేస్తూ, రోజంతా ఒకటే పని చేసేవాళ్ళకి విసుగు తగ్గాలంటే వారానికోసారి టేబుల్ మార్చాలని రాశాను. మా గైడ్ ‘ఇది జాబ్ ఎన్‌రిచ్‌మెంట్ కాదు’ అని కొట్టేశారు. ఎందుకు కాదండి?

జవాబు: మీ గైడ్ మాట సరైనదే. ఈ వారం తలలు తీసిన మనిషి వచ్చే వారం పొట్టు ఒలిస్తే చేతికి కాస్త మార్పు దొరుకుతుంది. కానీ ఎలా చేయాలో చెప్పేది అక్కడా సూపర్‌వైజరే, బాగుందో లేదో తేల్చేది అక్కడా నాణ్యత చూసే క్యూసీ వాళ్ళే. దీన్ని జాబ్ రొటేషన్ అంటారు. పక్క పని ఇంకోటి ఇవ్వడం వేరు, పైవాళ్ళ చేతిలో ఉన్న బాధ్యత కొంత కిందికి దింపడం వేరని 1968లోనే అమెరికన్ మనస్తత్వవేత్త హెర్జ్‌బర్గ్ వాదించాడు. ఆ రెండోదే ఎన్‌రిచ్‌మెంట్.

హ్యాక్‌మన్, ఓల్డ్‌హమ్ అనే ఇద్దరు పరిశోధకులు 1970లలో దీన్ని కొలిచే దారి చూపించారు. పనికి ఐదు లక్షణాలు ఉంటాయన్నారు. ఎన్ని రకాల నైపుణ్యం కావాలి, పని మొదలు నుంచి చివరిదాకా మన చేతిలో ఉంటుందా, దానివల్ల ఎవరికైనా తేడా పడుతుందా, ఎంత స్వేచ్ఛ ఉంది, ఎలా చేశామో ఆ పనిలోనే తెలుస్తుందా. ఒక్కోదానికి 1 నుంచి 7 వరకు మార్కు వేస్తారు. మొదటి మూడింటి సగటును స్వేచ్ఛతో, ఆ వచ్చినదాన్ని ఫీడ్‌బ్యాక్‌తో గుణిస్తారు.

ఒలిచే టేబుల్‌కి ఉదాహరణగా మార్కులు వేద్దాం. నైపుణ్యం 2, మొదలూ చివరా 2, ప్రాధాన్యం 5. సగటు 3. స్వేచ్ఛ 2, ఫీడ్‌బ్యాక్ 2. మొత్తం 12. మీరు చెప్పిన మార్పిడితో నైపుణ్యం 5 అయిందనుకోండి, సగటు 4, మొత్తం 16. అదే మార్పిడి ఏమీ లేకుండా ఫీడ్‌బ్యాక్ ఒక్కటి 5కి తెస్తే 30. స్వేచ్ఛ కూడా 4 అయితే 60. మీ ప్రతిపాదన ఎక్కడ చిక్కుకుందో ఇక్కడ కనిపిస్తుంది. అయితే అంకెల్ని మరీ నమ్మేయకండి. ఇలా గుణించడం కన్నా మామూలుగా కూడితేనే ఫలితం మెరుగ్గా ఉందని తర్వాతి పరిశోధనలు చూపించాయి. ఏ లక్షణం కుంటుతోందో చూసుకోవడానికి మాత్రం లెక్క పనికొస్తుంది.

ఇప్పుడు టేబుల్ దగ్గరికి రండి. నాలుగు టేబుళ్ళ రొయ్యలు ఒకే టబ్బులో కలిసిపోయాయనుకోండి. క్యూసీ అమ్మాయి శాంపిల్ తీస్తే నల్ల నరం మిగిలిన రొయ్యలు కనిపిస్తాయి. అందరికీ కలిపి చివాట్లు పడతాయి. ఎవరిదో ఎవరికీ తెలీదు. దీనికి మందు ఖరీదైనది కాదు: ప్రతి ట్రేకి టేబుల్ నంబరు ట్యాగ్, పక్కన మంచి లైటు కింద తెల్ల ట్రే. ట్రే పంపే ముందు ఆ టేబుల్ వాళ్ళే గుప్పెడు రొయ్యలు అందులో పోసి, నరం మిగిలినవి ఎన్నో లెక్కపెట్టి బోర్డు మీద రాస్తారు. తప్పు ఎవరో వచ్చి చెప్పేదాకా ఆగక్కర్లేదు, కంటికే కనిపిస్తుంది. ఎవరు ఒలవాలి, ఎవరు నరం తీయాలి, ఎప్పుడు చేతులు మార్చుకోవాలి, ఐసు ఎప్పుడు తెప్పించాలి అన్నది కూడా టేబుల్‌కే వదిలితే స్వేచ్ఛ పెరుగుతుంది. మెత్తబడిన రొయ్యలు వస్తే పక్కన పెట్టే అధికారం కూడా ఇవ్వొచ్చు.

వదలకూడనివీ ఉన్నాయి. రొయ్యల చల్లదనం, కడిగే నీళ్ళలో క్లోరిన్ మోతాదు, యాంటీబయాటిక్ పరీక్ష, మెటల్ డిటెక్టర్. ఇవి ఆహార భద్రతకు సంబంధించినవి, ఎవరి ఇష్టానికీ ఉండవు. రిపోర్టులో ఈ గీత స్పష్టంగా గీయకపోతే ప్లాంటు మేనేజర్ మొదటి పేజీలోనే పక్కన పడేస్తారు.

ఇంకో చిక్కు కూలీది. కిలోకింత అని ఇచ్చే చోట, తెల్ల ట్రే ముందు గడిపే సమయం నేరుగా సంపాదనలోంచి పోతుంది. కొత్త టేబుల్‌కి మారినా అంతే, చేయి అలవాటయ్యేదాకా కిలోలు తగ్గుతాయి. తనిఖీ సమయానికి విడిగా డబ్బు కట్టివ్వకపోతే ఎన్‌రిచ్‌మెంట్ పేరుతో పని పెరిగి జీతం తగ్గినట్టే, వాళ్ళు తిట్టుకుంటే తప్పు వాళ్ళది కాదు. పైగా అందరికీ బాధ్యత కావాలని ఉండదు. పక్కన సొంతూరి మనిషి ఉంటే కబుర్లతోనే పొద్దు తెలీకుండా గడిచిపోతుందనేవాళ్ళుంటారు. మీ మార్పిడి ముందు విడదీసేది ఆ జంటనే. కొత్తవి నేర్చుకోవాలనే కోరిక ఉన్నవాళ్ళ మీదే ఈ మార్పులు బాగా పనిచేస్తాయని హ్యాక్‌మన్, ఓల్డ్‌హమ్ కూడా చెప్పారు.

కాబట్టి ప్రశ్నలు మార్చి మళ్ళీ వెళ్ళండి. సూపర్‌వైజర్ లేనప్పుడు, షిఫ్టు దిగి బస్సు కోసం నిలబడ్డప్పుడు అడగండి. ముందు కూలీ సంగతి, సూపర్‌వైజర్ తీరు అడిగి, ఆ తర్వాతే ఐదు లక్షణాలకి రండి. ఆ మొదటి రెండింటిమీదే కోపం ఎక్కువగా ఉంటే, ముందు అవి సరిచేయాలని రిపోర్టులో పైనే రాసి, టేబుల్ మార్పుల్ని రెండో దశలో పెట్టండి. హెచ్ఆర్ ఇంటర్వ్యూలో ఈ ప్రాజెక్టు గురించి అడిగితే, అలా ఎందుకు పెట్టారో చెప్పడానికి మీ దగ్గర కారణం ఉంటుంది.