స్పానిష్ అద్దె అగ్రిమెంట్‌లో ఏ తప్పు దిద్దాలి, దేన్ని ముట్టుకోకూడదు

ప్రశ్న: వాలెన్సియాలో ఇల్లు తీసుకుంటున్నాను. ఓనర్ పంపిన స్పానిష్ అగ్రిమెంట్‌లో గ్రామర్ తప్పులున్నాయి, కామాలు ఎక్కడపడితే అక్కడ ఉన్నాయి. నాకు స్పానిష్ బాగానే వచ్చు. అర్థం మారకుండా నేనే దిద్ది పంపేయొచ్చా?

కొన్ని దిద్దొచ్చు. కొన్నింటిని మాత్రం అస్సలు ముట్టుకోవద్దు, రాసినవాళ్లనే అడగండి. స్పానిష్ బాగా వచ్చినవాళ్లకే ఇక్కడ ప్రమాదం ఎక్కువని నా నమ్మకం. సరిగ్గా రానివాళ్లు భయపడి వదిలేస్తారు. వచ్చినవాళ్లకు తప్పు కనిపిస్తే చెయ్యి ఆగదు. నాకూ ఆగలేదు.

నేను కొన్నేళ్లుగా స్పానిష్ పత్రాల భాష సరిచూసే పని చేస్తున్నాను. ఒకసారి మా గుంటూరు వైపు అబ్బాయి ఒకడు, ఇక్కడ మాస్టర్స్‌కి వచ్చినవాడు, రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. "అక్కా, రేపు పొద్దున సంతకం పెట్టాలి, ఒక్కసారి అగ్రిమెంట్ చూసిపెట్టవా" అన్నాడు. అది పాత నమూనాని అక్కడక్కడా మార్చి చేసిన కాగితం. ఏజెన్సీలు దాదాపు అందరూ ఇంతే. అంతకుముందు ఎవరో అమ్మాయి అద్దెకున్నప్పటి కాగితం తీసి, పేరు మార్చి ఇచ్చేస్తారు. నెలనెలా వందల యూరోలు చేతులు మారే కాగితం మీద పది నిమిషాలు కూడా పెట్టకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మొదటి పేజీలో సులువైనవి దొరికాయి. ఇల్లు ఫలానా వీధిలో ఉన్నది అని చెప్పేచోట "ఇన్‌మ్వేబ్లే సీతా" అని ఉంది. "ఇన్‌మ్వేబ్లే" పుంలింగం, కాబట్టి "సీతో" అనాలి. పాత కాగితంలో "వివియెందా" అనే స్త్రీలింగ పదం ఉండి ఉంటుంది, దాన్ని మార్చినవాళ్లు పక్క మాటను మార్చలేదు. డిపాజిట్ సంగతి చెప్పేచోట "ఫియాన్సా" తిరిగి ఇవ్వబడుతుంది అనడానికి "దెవ్వెల్తో" అని రాశారు, "దెవ్వెల్తా" అనాలి. అక్కడ తిరిగి ఇవ్వాల్సింది ఒక్కటే వస్తువు, చదివేవాడు ఎలా చదివినా డబ్బు వెళ్లే దారి మారదు. ఇలాంటివి నిశ్చింతగా దిద్దొచ్చు. "అద్దెదారు" అన్న కర్తకూ "చెల్లిస్తాడు" అన్న క్రియకూ మధ్య పెట్టిన కామా కూడా అంతే. స్పానిష్‌లో కర్తకూ క్రియకూ మధ్య ఒంటరి కామా తప్పు, తీసేస్తే ఏమీ పోదు.

ఆ ఊపులోనే ఎనిమిదో క్లాజ్‌కి వచ్చాను. దాని సారం ఇది: ఇంటికి జరిగే "దెస్పెర్‌ఫెక్తోస్", బాయిలర్‌కి వచ్చే "అవెరియాస్", వాటి వెనకే "కౌసాదాస్ పోర్ మాల్ ఊసో" అనే షరతు; ఇవన్నీ అద్దెదారు ఖర్చు. మొదటి మాటకు చిన్నాచితకా డ్యామేజ్ అని అర్థం, పుంలింగ బహువచనం. రెండోదానికి రిపేర్లని అర్థం, స్త్రీలింగ బహువచనం. చివరి మాటలకు "సరిగ్గా వాడకపోవడం వల్ల జరిగినవి" అని అర్థం, అది స్త్రీలింగంలో ఉంది.

వేర్వేరు లింగాల నామవాచకాలు రెండు కలిసి, వాటి తర్వాత విశేషణం వస్తే అది పుంలింగ బహువచనంలో ఉండాలని స్పానిష్ అకాడమీ నియమం. రెండింటికీ కలిపి చెప్పాలనుకుని పక్కనున్న మాటను చూసి పొరపాటుగా "కౌసాదాస్" అని రాశారనుకున్నాను. "కౌసాదోస్" అని మార్చేశాను. ఒక్క అక్షరం. పక్కన "టైపింగ్ తప్పు" అని రాసి పంపించమన్నాను.

పొద్దున తొమ్మిదిన్నరకి ఏజెన్సీ నుంచి పెద్దావిడ ఒకావిడ నాకే ఫోన్ చేశారు. కోపంగా లేరు. క్లాజ్‌ని రెండుసార్లు నెమ్మదిగా చదివి వినిపించారు, ఒకసారి వాళ్ల మాటతో, ఒకసారి నా మాటతో. రెండోసారి వింటూనే నా గొంతు తడారిపోయింది.

"కౌసాదాస్" అని ఉన్నప్పుడు, నియమం ప్రకారం చదివితే, "సరిగ్గా వాడకపోవడం వల్ల" అనే షరతు బాయిలర్ రిపేర్లకు మాత్రమే. ఇంటికి జరిగే డ్యామేజ్ ఎలా జరిగినా అద్దెదారే కట్టాలి. "కౌసాదోస్" అంటే మామూలుగా షరతు రెండింటికీ పడుతుంది. గోడ రంగు దానంతటదే వెలిసిపోతే మొదటి మాట ప్రకారం అబ్బాయి కట్టాలి, రెండో మాట ప్రకారం అక్కర్లేదు. నేను గ్రామర్ దిద్దాననుకున్నాను. నిజానికి ఓనర్ జేబులోంచి డబ్బు తీసి అబ్బాయి జేబులో పెట్టాను, అదీ టైపింగ్ తప్పు అనే పేరుతో. నేను ఇష్టపడేవాడికే లాభం జరిగింది కాబట్టి అది మరీ పెద్ద తప్పు.

మన తెలుగువాళ్ల కంటికి ఇది తట్టకపోవడానికి కారణం ఉంది. మనకు విశేషణం లింగాన్నిబట్టి మారదు, పైగా ముందే వచ్చేస్తుంది. "పాడైన తలుపులు, కిటికీలు" అంటే కిటికీలు కూడా పాడయ్యాయా లేదా అనేది మనం సందర్భంలోంచి తీసుకుంటాం. స్పానిష్‌లో ఆ పని చివరి అక్షరం చేస్తుంది. అందుకే అగ్రిమెంట్‌ని తెలుగులోకో ఇంగ్లీషులోకో మనసులో మార్చుకుని చదివితే ఆ అక్షరం చేసే పని మాయమైపోతుంది. స్పానిష్‌లోనే చదవాలి, ప్రతి విశేషణం నుంచి వెనక్కి గీత గీసి అది ఏ నామవాచకానికి తగులుతుందో చూడాలి.

ఆ రోజు నుంచి నేను చేసేది చెప్తాను. తప్పు కనబడగానే పెన్ను పక్కన పెట్టి, ఆ వాక్యాన్ని ఎన్ని రకాలుగా చదవొచ్చో మామూలు మాటల్లో రాసుకుంటాను. ప్రతి రకానికీ ఎవరు, ఎప్పుడు, ఎంత కట్టాలో పక్కన వేస్తాను. అన్నింటిలో జవాబు ఒకటే అయితే దిద్దుతాను. తేడా వస్తే వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టే వదిలి, మార్జిన్‌లో రెండు అర్థాలూ రాసి, "మీ ఉద్దేశం ఏది?" అని అడుగుతాను. నాకు ఏది సరైనదనిపిస్తోందో అక్కడ రాయను. రాస్తే అవతలివాళ్లు చదవకుండానే సరే అనేస్తారు.

కామాల్లో నేను అన్నింటికంటే ఎక్కువ భయపడేది, మన "ఏవైతే" లాంటి "కె" అనే మాట ముందు వచ్చే కామాకి. నీళ్లు, కరెంటు, గ్యాస్, కమ్యూనిటీ ఖర్చులు "కె" మీటర్ ద్వారా విడిగా లెక్కించబడతాయో అవి అద్దెదారువి అని ఒక వాక్యం అనుకోండి. కామా లేకపోతే వాటిలో మీటర్ ఉన్నవి మాత్రమే అని అర్థం. లిఫ్ట్, మెట్ల మీద లైట్లు, ఊడ్చే ఖర్చుకు మీ ఇంటి పేరున మీటర్ ఉండదు కాబట్టి కమ్యూనిటీ ఫీజు మీ మీద పడదు. అదే "కె" ముందు కామా పెడితే అన్నీ మీవే, మీటర్ మాట ఊరికే వర్ణన అయిపోతుంది. స్పెయిన్ అద్దె చట్టం, 1994 నాటి 29వ చట్టం, ఆర్టికల్ 20 కమ్యూనిటీ ఖర్చులు అద్దెదారు మీద వేయాలంటే రాతపూర్వకంగా ఉండాలనీ, సంతకం తేదీ నాటికి ఏడాదికి ఎంతో అంకె వేయాలనీ అంటుంది. ఆ అంకె అగ్రిమెంట్‌లో ఎక్కడైనా ఉందో లేదో వెతకండి, మీ ప్రశ్నకు బలం వస్తుంది. అయినా కామా మాత్రం మీరు పెట్టకండి, తీయకండి.

ఇక్కడే చాలామంది అడుగుతారు: చట్టం ఎలాగూ అద్దెదారు పక్షాన ఉంది కదా, చట్టానికి తగ్గట్టు దిద్దేస్తే ఏం? ఆర్టికల్ 21 ప్రకారం ఇల్లు నివాసయోగ్యంగా ఉంచే రిపేర్లు ఓనర్‌వే, మామూలు వాడకంతో వచ్చే చిన్న రిపేర్లు అద్దెదారువి. ఆర్టికల్ 6 ప్రకారం అద్దెదారుకి నష్టం చేసేలా ఈ నియమాలను మార్చే షరతులు చెల్లవు. నిజమే. కానీ ఒక షరతు చెల్లదని చెప్పడం లాయర్ పని, అవసరమైతే కోర్టు పని. భాష చూసేవాడు దాన్ని రహస్యంగా సరిచేస్తే, చెల్లని షరతు అక్కడ ఉండేదన్న సాక్ష్యం కూడా పోతుంది.

ఇంకో సంగతి దీనికంటే ముఖ్యమైనది. స్పానిష్ సివిల్ కోడ్ ఆర్టికల్ 1288 ప్రకారం, అస్పష్టంగా ఉన్న షరతుకు అర్థం చెప్పేటప్పుడు ఆ అస్పష్టతకు కారణమైనవాడికి లాభం జరగకూడదు. అగ్రిమెంట్ రాసింది ఓనర్ వైపు ఏజెన్సీ అయితే ఆ అస్పష్టత వాళ్లది. మీరు పూనుకుని వాక్యాన్ని తిరగరాస్తే ఆ రాత మీదవుతుంది. రేపు గొడవొస్తే "ఈ మాటలు ఆయనే పెట్టాడు" అంటారు. అందుకే అడగడమే మంచిది, తిరగరాయడం వాళ్లకే వదిలేయాలి అంటాను.

మీరు మగవారైతే ఒక మాట. అగ్రిమెంట్ అంతా అద్దెదారు పక్షం అనే అర్థంలో "లా పార్తే అర్రెందతారియా" అని ఉండి, దాని వెంట "ఒబ్లిగాదా" లాంటి స్త్రీలింగ రూపాలు కనబడితే తప్పనుకుని మార్చకండి. అక్కడ లింగం మీది కాదు, "పార్తే" అనే మాటది. "ఎల్ అర్రెందతారియో" అని మొదలై మధ్యలో స్త్రీలింగానికి జారితే మాత్రం పాత కాగితం అవశేషమే. కంప్యూటర్‌లో ఒక్కసారిగా అన్నీ మార్చే బటన్ జోలికి మాత్రం పోవద్దు. పుంలింగ "ఎల్" కలిసిపోయిన "దెల్", "ఆల్" లాంటివి ముందున్నచోట అది కొత్త తప్పులు పుట్టిస్తుంది. ఇక "అర్రెందదోర్" అంటే ఓనర్, "అర్రెందతారియో" అంటే అద్దెదారు. ఈ రెండూ తారుమారయ్యాయని ఎంత స్పష్టంగా కనిపించినా సరే, అది ప్రశ్నే, దిద్దుబాటు కాదు.

ఆ అబ్బాయి సంగతి చెప్పాలి. నా మార్పు వెనక్కి తీసుకుని, రెండు అర్థాలూ రాసి ప్రశ్నగా పంపించాను. ఓనర్‌ని అడిగితే, షరతు రెండింటికీ వర్తించాలనే అనుకున్నానని ఆయన చెప్పాడట. ఏజెన్సీ ఆవిడ ఆ క్లాజ్‌ని రెండు వాక్యాలు చేశారు: ఇంటి డ్యామేజ్‌కి ఒకటి, బాయిలర్‌కి ఒకటి, "మాల్ ఊసో" అనే షరతు రెండింటిలోనూ విడివిడిగా. వాళ్లే రాశారు, వాళ్లే కొత్త ప్రింటు తీశారు. మూడో పేజీ మార్జిన్‌లో ఇద్దరూ సంతకాలు పెట్టేముందు, ఆ రెండు వాక్యాలనూ అబ్బాయి నాకు ఫోన్‌లో అక్షరం అక్షరం చదివి వినిపించాడు.