హైవే పబ్లిక్ హియరింగ్‌లో మాట్లాడితే ఉపయోగం ఉంటుందా?

ప్రశ్న: మా పొలాల మీదుగా కొత్త నేషనల్ హైవే వస్తోంది. వచ్చే నెల ప్రజాభిప్రాయ సేకరణ అని పేపర్లో వేశారు. అన్నీ ముందే అయిపోయి ఉంటాయి, పోయి ఏం లాభం అంటున్నారు ఊళ్లో. నిజమేనా? అసలు దానికి ముందూ తర్వాతా ఏం జరుగుతుంది?

జవాబు:

లాభం ఉంటుంది, కాకపోతే ఏం అడిగారన్నదాన్ని బట్టి. కనిగిరి వైపు మా ఊరి పక్కనుంచి రోడ్డు వచ్చినప్పుడు మైకు పట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది ఎకరాకి ఎంతిస్తారనే అడిగారు. కడుపు మండినవాళ్లు అడక్క ఏం చేస్తారు? కానీ రేటు తేలేది ఆ టెంటు కింద కాదు. భూమి తీసుకోవడం మీద అభ్యంతరం ఉంటే 1956 నాటి జాతీయ రహదారుల చట్టం ప్రకారం, భూమి తీసుకుంటామని చెప్పే 3ఎ నోటిఫికేషన్ వచ్చిన 21 రోజుల్లోపు భూసేకరణ అధికారికి రాసివ్వాలి. రేటు సంగతీ ఆయన దగ్గరే. హియరింగ్‌లో దానికి వచ్చే జవాబు ‘చట్ట ప్రకారం చెల్లిస్తాం’ అనే ఒక్క ముక్క.

ఈ హియరింగ్ పెట్టేది పర్యావరణ అనుమతి కోసం. దానికి ముందు రెండు దశలు నడిచి ఉంటాయి. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం కొత్త నేషనల్ హైవే అంటే నేరుగా కేంద్రమే అనుమతి ఇచ్చే ‘ఎ’ కేటగిరీ. కాబట్టి మొదటి దశ అయిన స్క్రీనింగ్‌లో తేల్చడానికి పెద్దగా ఏమీ ఉండదు, ఫైలు ఢిల్లీకి పోతుంది. ఇక స్కోపింగ్. రోడ్డు వల్ల పర్యావరణానికి ఏమవుతుందో చెప్పే నివేదికలో ఏమేం పరిశీలించాలో కేంద్ర పర్యావరణ శాఖ రాసిచ్చే ఉత్తరం అది. పర్యావరణ అనుమతుల వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లో దొరుకుతుంది. తీసి పక్కన పెట్టుకోండి. అందులో అడిగినదానికి ముసాయిదా నివేదికలో జవాబు లేకపోతే అదే మీ మొదటి ప్రశ్న.

ఆ ముసాయిదాని కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో ఎవరైనా చూడొచ్చు. తెలుగు సారాంశం కూడా ఉండాలి. హియరింగ్‌కి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇచ్చేది ఇది చదువుకోడానికే. మేం సారాంశంతో సరిపెట్టుకోకుండా పెద్ద నివేదికలో కల్వర్టుల పట్టిక చూశాం. మా చెరువులోకి నీళ్లు తెచ్చే వాగు రోడ్డుకి అడ్డం పడే చోట ఒక చిన్న పైపు కల్వర్టు రాసి ఉంది. కారణం ఊహించడం కష్టం కాదు. పర్యావరణ సర్వే వానాకాలం కాని ఒక సీజన్‌లో చేస్తే చాలు. వాళ్లు వచ్చింది ఎండాకాలంలో. మనకేమో వాగులు పారేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుపాను వానలకి. మే నెలలో చూసినవాడికి అది చిల్లకంప పెరిగిన పల్లం. అక్కడ ఎత్తుగా కట్ట పోస్తే పైన పొలాలు మునుగుతాయి, కింద చెరువు ఎండుతుంది.

అందుకే ‘మా నీళ్లు పోతాయి’ అని ఊరుకోలేదు. రోడ్డు మ్యాపులో ఉన్న కిలోమీటరు నంబరు, సర్వే నంబర్లు, చెరువు కింద ఆయకట్టు, వాగు నిండుగా పారుతున్నప్పటి ఫొటోలు పెట్టి, పైపు బదులు బాక్సు కల్వర్టు వేయాలని కాగితం రాశాం. మైకులో చదివి, కాగితం ఇచ్చి, నకలు మీద సంతకం, తేదీ వేయించుకున్నాం.

అధ్యక్షత వహించేది కలెక్టరు గానీ, అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని అధికారి గానీ. వాళ్లు ప్రాజెక్టుని ఒప్పుకోరు, కాదనరు. జరిగింది వీడియోతో సహా పైకి పంపుతారు. కాబట్టి చప్పట్లు, నినాదాలకంటే ఎవరేం మాట్లాడారో రాసుకునే మినిట్స్ ముఖ్యం. చివర్లో వాటిని తెలుగులో చదివి వినిపించాలి. అప్పటికి సగం మంది భోజనాలకి లేచిపోతారు. మీరు మాత్రం కూర్చోండి. మా వాగు సంగతి మొదట ‘నీటి సమస్యలు ప్రస్తావించారు’ అని రాశారు. పట్టుబడితే కిలోమీటరు నంబరుతో సహా ఎక్కింది. అలా ఎక్కిన ప్రతి అంశానికీ రోడ్డు వేసే సంస్థ తుది నివేదికలో జవాబు రాయాలి. దాన్నే ఢిల్లీలో నిపుణుల కమిటీ పరిశీలిస్తుంది. మా విషయంలో బాక్సు కల్వర్టు వేస్తామని రాసిచ్చారు.

రాసిచ్చినంత మాత్రాన కట్టినట్టు కాదు. అనుమతి ఉత్తరంలో షరతులు ఉంటాయి. వాటి అమలు మీద ఏటా జూన్ 1కి, డిసెంబరు 1కి నివేదిక ఇవ్వాలి. మా దగ్గర కాంట్రాక్టరు మనుషులు పాత డ్రాయింగు పట్టుకుని పైపులు దించేశారు. షరతు నంబరు, ఆ ఆరునెలల నివేదికలో రాసుకున్న మాట, దించిన పైపుల ఫొటో మూడూ కలిపి విజయవాడలోని కేంద్ర పర్యావరణ శాఖ ప్రాంతీయ కార్యాలయానికి పంపాం. తనిఖీ అయ్యాక పైపులు తీసి బాక్సు కట్టారు. కట్ట మీద తారు పడ్డాక అడిగి ఉంటే ఎవరూ తవ్వేవాళ్లు కాదు. అందుకే మట్టి పని మొదలైన రోజు నుంచే చూస్తూ ఉండాలి.

అనుమతే తప్పనిపిస్తే చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్‌కి అప్పీలు చేసుకోవచ్చు. గడువు 30 రోజులు, తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజుల దాకా తీసుకుంటారు.