న్యూయార్క్ మేనేజర్‌కు మొదటి మెయిల్

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటున్నాను. అక్టోబరు మొదటి సోమవారం రిమోట్ జాబ్‌లో చేరుతున్నాను. మేనేజర్ న్యూయార్క్‌లో ఉంటారు. పని వేళలు, టూల్స్ గురించి మెయిల్ ఎలా పెట్టాలి? ఎక్కువ అడిగితే ఏమనుకుంటారో అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆఫర్ లెటర్ తీసి చూడండి. అందులో పని వేళలు ఉంటే అవే రాసి, సరేనా అని అడిగితే చాలు. లేకపోతే "నేను ఎన్నింటికి పని చేయాలి?" అని అడక్కండి. మీరే ఒక టైమ్ చెప్పి, మార్పులుంటే చెప్పమనండి. అప్పుడు ఆవిడో ఆయనో ఒక్క లైన్‌లో జవాబు ఇవ్వగలరు.

టైమ్ రాసేటప్పుడు రెండు ఊళ్ల గడియారాలూ రాయండి. అక్టోబరులో న్యూయార్క్ మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక ఉంటుంది. మీరు మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 10 దాకా పని చేస్తే, అక్కడి ఉదయం 9 అంటే మీకు సాయంత్రం 6:30. ఇద్దరూ కలిసి ఉండేది మూడున్నర గంటలు. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. అప్పటి నుంచి తేడా పదిన్నర గంటలు, కలిసి ఉండేది రెండున్నరే. రోజువారీ మీటింగ్ మీకు 7 గంటలకు అనుకుంటే అది 8కి మారుతుంది. ఇది ఇప్పుడే అడిగితే, చేరిన నెలకే గందరగోళం రాదు. ఇంకో మాట: ఈఎస్‌టీ అని రాయకండి, అది వాళ్ల చలికాలం టైమ్. "న్యూయార్క్ టైమ్" అంటే ఏ నెలలోనైనా సరిపోతుంది.

టూల్స్ విషయంలో పని ఆగిపోయేవే అడగండి: వీపీఎన్, కోడ్ రిపాజిటరీ, టికెట్లు చూసే అకౌంట్. సోమవారం మధ్యాహ్నం అడిగితే, ఇచ్చేవాళ్లు న్యూయార్క్‌లో ఉంటే సాయంత్రం దాకా ఖాళీగా కూర్చోవాలి. అందుకే మెయిల్ ముందు వారం బుధవారమే పంపండి.

మెయిల్ ఇంగ్లిష్‌లోనే రాస్తారు కాబట్టి, అందులో ఉండాల్సిన విషయం ఇది:

"హలో (మేనేజర్ మొదటి పేరు), సోమవారం చేరుతున్నాను. బెంగళూరు టైమ్ మధ్యాహ్నం 1 నుంచి రాత్రి 10 దాకా పని చేద్దామనుకుంటున్నాను. మీకు అది తెల్లవారుజామున 3:30 నుంచి మధ్యాహ్నం 12:30. నవంబరులో మీ టైమ్ మారాక నేనూ గంట జరగాలా? వీపీఎన్, రిపాజిటరీ యాక్సెస్ ఎవరిని అడగాలి? అర్జెంట్ విషయాలకు చాట్, మిగతావాటికి మెయిల్ వాడితే సరిపోతుందా? రోజూ ముగించే ముందు ఏం పూర్తయింది, ఎక్కడ ఆగాను అని చిన్న నోట్ పెడతాను."

రెస్పెక్టెడ్ సర్, కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ లాంటివి వద్దు.

శుక్రవారం రాత్రికీ జవాబు రాకపోతే మళ్లీ మళ్లీ మెయిల్ పెట్టకండి. మీరు రాసిన టైమ్‌కే సోమవారం మొదలుపెట్టి, మొదటి కాల్‌లో ఆ ప్రశ్నలే అడగండి.